ఆ రాత్రి నోటుబుక్కులో రాయనిది

మా ఇంట్లో నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. రెండొందల పేజీలది. మా అత్తయ్యగారి మందులు, బరువు, తాగిన నీళ్ళు, వెళ్ళిన మూత్రం, తిన్న తిండి, అన్నీ అందులో రోజువారీగా రాసి ఉంటాయి. రాసింది మా ఆడపడుచు. ఇంట్లో అందరం చిట్టి అంటాం, ఇప్పుడు ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా. చివరి ఆరు పేజీలు మాత్రం నా రాత. ఆ ఆరు రోజులూ చిట్టి కాశీలో ఉంది. ఏడో రోజు తెల్లవారుజామున అత్తయ్యగారు పోయారు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ దీని గురించి రాయలేదు. ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పులు రెండున్నాయి. ఇప్పుడు చిట్టి "రాయి వదినా, ఫరవాలేదు" అంది కాబట్టి రాస్తున్నాను.

అత్తయ్యగారికి ఎనభై నాలుగేళ్ళు. గుండె బలహీనపడింది, కొట్టుకోవలసినంత బలంగా కొట్టుకోవడం లేదు అన్నారు డాక్టరుగారు. ఒంట్లో నీరు చేరకుండా రోజూ మూత్రం వెళ్ళే మాత్ర, ఉప్పు తక్కువ, నీళ్ళు లీటరున్నర మించకుండా. పొద్దున్నే కాలకృత్యాలు కాగానే బరువు చూడాలి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే ఫోను చెయ్యాలి. ఈ లెక్కంతా చిట్టికి కంఠతా వచ్చు. మా వీధికి రెండు వీధుల అవతల వాళ్ళిల్లు. పొద్దున్న ఏడింటికి వచ్చి తల్లికి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, జడ వేసి, నోటుబుక్కు నింపి తొమ్మిదింటికి వెళ్ళేది. మళ్ళీ సాయంత్రం వచ్చేది. రెండేళ్ళు అలాగే చేసింది. ఆ రెండేళ్ళలో ఊరు దాటలేదు. ఒకసారి కార్తీకంలో కాశీకి టిక్కెట్లు తీసుకుని, అత్తయ్యగారికి ఒంట్లో బాగుండకపోతే రద్దు చేసుకుంది.

అందుకే మాఘంలో వాళ్ళ కాలనీ ఆడవాళ్ళు మళ్ళీ బయల్దేరుతున్నప్పుడు అత్తయ్యగారే పట్టుబట్టారు. "నేను ఎలాగూ పోలేను. నువ్వెళ్ళి నా పేరు చెప్పి ఒక మునక ఎక్కువ వెయ్యి. తొమ్మిది నిద్రలూ చేసి రా. మధ్యలో పరిగెత్తుకొచ్చావంటే ఊరుకోను" అన్నారు. కాశీలో ఇష్టమైనదేదైనా వదిలెయ్యాలి కదా, ఏం వదలమంటావని చిట్టి అడిగితే, "ములక్కాడ వదిలెయ్. నీ పళ్ళు ఊడకుండా ఉంటాయి" అని నవ్వారు. చిట్టికి ములక్కాడంటే ప్రాణం. శనివారం రైలెక్కింది.

గురువారం సాయంత్రం ఏడున్నరకి రోజూలాగే ఫోను చేసింది. నేను ఫోను అత్తయ్యగారి చెవి దగ్గర పెట్టాను. "మునిగావా?" అన్నారు. "ములక్కాడ వదిలావా?" అన్నారు. అంతే, కళ్ళు మూసుకున్నారు. చిట్టి నాతో "అమ్మ గొంతు అదోలా ఉంది వదినా, రమ్మంటావా?" అంది. నేను, "ఏం లేదు, నిద్ర మత్తు. నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాను. శుక్రవారం పొద్దున్న ఆరింటికి మావారు ఫోను చేసి చెప్పారు. మధ్యాహ్నం విమానంలో హైదరాబాదు, అక్కణ్ణించి రాత్రంతా కారులో రాజమండ్రి. శనివారం తెల్లవారకుండానే వచ్చింది, చేతిలో సీలు వేసిన గంగ చెంబుతో. ఆ చెంబు తల్లి గొంతులో పొయ్యడానికని తెచ్చింది. ఐసు పెట్టె అద్దం తీసి పెదాల మీద తడి చేశాం.

పరామర్శకి వచ్చిన వాళ్ళు ఊరికే ఉండరు కదా. ఒకావిడ "రెండేళ్ళు చేసి ఆ ఘడియకి లేకుండా పోయింది, రుణం అంతే" అంది. ఇంకొకావిడ "కాశీలో ఉన్నావు, ఆ పుణ్యం మీ అమ్మకే దక్కింది" అంది. ఈవిడది మంచి మనసే. కానీ రెండూ విని చిట్టి ఒకేలా తల ఊపింది.

అప్పుడు నేను మొదటి తప్పు చేశాను. చిట్టి "అమ్మ చివర్లో ఏమంది వదినా?" అనడిగింది. దాని ముఖం చూడలేక, "నిన్నే తలుచుకున్నారు. చిట్టీ చిట్టీ అన్నారు" అన్నాను. ఓదార్పు అనుకున్నాను. కూతురి పేరు తలుచుకుంటూ పోయిందంటే ఎంత తృప్తి, అనుకున్నాను. అది ఎలా వినబడుతుందో నాకు తట్టలేదు. తల్లి పిలుస్తోంది, కూతురు లేదు. నేను దాని చేతికి జీవితాంతం మోసే రాయి ఇచ్చాను.

పెళ్ళైన కూతురికి మైల మూడు రోజులే. కర్మలన్నీ అయిపోయాయి. కానీ చిట్టి మాత్రం పొద్దున్న ఏడింటికి రావడం మానలేదు. వచ్చి ఖాళీ మంచం మీద కూర్చునేది. "ఎన్నిసార్లు పిలిచింది? ఏ టైముకి? నేను కాశీలో ఉన్నానని చెప్పావా?" అని అడిగేది. నేను ప్రతిసారీ ఇంకొంచెం అల్లేదాన్ని. రాత్రిళ్ళు ఫోను దిండు కింద పెట్టుకుని గంటకోసారి లేచి చూసుకుంటోందని వాళ్ళాయన చెప్పారు. కొడుకు బెంగుళూరు రమ్మంటే వెళ్ళనంది. "ఆ గురువారం రాత్రే బయల్దేరి ఉంటే" అన్న మాట రోజుకి పదిసార్లు. నేను "అలా అనుకోకు" అంటాను. మర్నాడు మళ్ళీ అదే మాట.

రెండో మాసికం దాటాక ఒక పొద్దున్న, మంచం మీద కూర్చుని మంచాన్నే నిమురుతోంది. నాకు ఇక ఊపిరాడలేదు. నోటుబుక్కు తెచ్చి దాని పక్కన కూర్చున్నాను. "చిట్టీ, ఆ రాత్రి సంగతి మొత్తం చెప్తాను. నేను ఇదివరకు చెప్పింది నిజం కాదు. వింటావా? ఎక్కడ చాలనిపిస్తే అక్కడ ఆపెయ్" అన్నాను.

ముందు వెనకటి పేజీలు తీశాను. అవి చిట్టి రాతే. దసరాల్లో పేజీ: బరువు నలభై ఆరు నుంచి నలభై తొమ్మిది. మోకాళ్ళ దాకా వాపు. రెండు రోజులు ఏమీ తినలేదు. రాత్రంతా కుర్చీలో కూర్చుని ఆయాసం. డాక్టరుగారు మాత్ర పెంచి, ఇంజక్షన్లు వేయించారు. ఆరో రోజు పేజీలో "పులిహోర అడిగింది" అని రాసి, పక్కన ఒక పువ్వు బొమ్మ వేసింది. కార్తీకంలో ఇంకోసారి, కాశీ టిక్కెట్లు రద్దైనప్పుడు. వారం తిరిగేసరికి లేచి కూర్చున్నారు. సంక్రాంతికి ఇంకోసారి, అప్పుడైతే మావారిని పట్టుకుని తన తమ్ముడనుకున్నారు, ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. అక్కణ్ణించి వచ్చాక "ఇంక నన్ను అక్కడికి తీసుకెళ్ళకండి, ఈ మంచం మీదే ఉండనివ్వండి" అన్నారు. పది రోజుల్లో మళ్ళీ మజ్జిగన్నం తిన్నారు.

తర్వాత నా పేజీలు తీశాం. బుధవారం: పొద్దున్న ఒక ఇడ్లీ, మధ్యాహ్నం నాలుగు ముద్దలు. బరువు నలభై ఆరున్నర. ఆయాసం లేదు. గంగలో నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడిగారు. గురువారం: బరువు చూడలేదు, నిలబడలేకపోయారు. సగం గ్లాసు మజ్జిగ. మూత్రం తక్కువ, చిక్కగా. కాళ్ళు చల్లగా ఉన్నాయి, సాక్సులు వేశాను.

"ఈ రెండు పేజీలూ దసరా పేజీ పక్కన పెట్టు. తేదీలు చూడకుండా చదివితే ఏది ఆఖరిదనిపిస్తుంది?" అన్నాను.

చిట్టి చాలాసేపు చూసింది. దసరా పేజీ మీద వేలు పెట్టింది.

అప్పుడు లెక్క వేశాం. నేను మాటవరసకి అనడం కాదు, కాగితం మీద పెన్నుతోనే వేశాం. ఫోను పెట్టేసింది గురువారం ఏడున్నరకి. ఆ రాత్రి కాశీ నుంచి విమానం లేదు. రైలైతే హైదరాబాదుకే ఒక రోజు పైన. ఫోను పెట్టేసిన నిమిషంలో లేచి పరిగెత్తినా శుక్రవారం మధ్యాహ్నం విమానమే గతి. అంటే సరిగ్గా తను వచ్చిన విమానమే. అమ్మని బతికుండగా చూడాలంటే బుధవారమే బయల్దేరాలి. బుధవారం ఆవిడ ఇడ్లీ తిని గంగ గురించి అడుగుతున్నారు. ఆ రోజు దిగివస్తే "తొమ్మిది నిద్రలూ చెయ్యమన్నానా లేదా" అని తిట్టేవారు. చిట్టి ఆ మాటకి కొంచెం నవ్వింది. ఆ రెండు నెలల్లో అదే మొదలు.

అంతవరకూ తేలికే. మిగిలింది చెప్పడానికి నాకు గొంతు రాలేదు. నోటుబుక్కులో గురువారం పేజీ సాక్సుల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది నేను రాయలేదు.

రాత్రి పదకొండుకి పక్కకి తిప్పి పడుకోబెడుతుంటే, "లైటు కట్టెయ్యవే, కళ్ళలో పడుతోంది" అన్నారు. అదే ఆవిడ ఆఖరి మాట. చిట్టీ అనలేదు. ఎవరి పేరూ అనలేదు. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే ఊపిరి తీరు మారింది. నాలుగైదు సార్లు గబగబా తీసి, ఆగిపోతోంది. అర నిమిషం ఏమీ లేదు. మళ్ళీ మొదలు. గొంతులో గురగురమని చప్పుడు. మావారు డాక్టరుగారికి ఫోను చేశారు. ఆయన, "ఆసుపత్రికి వద్దన్నారు కదా, ఇప్పుడు తీసుకెళ్తే దారిలో కష్టం. పక్కకి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యకండి, పెదాలు తడపండి. మాట్లాడుతూ ఉండండి, వినపడుతూ ఉండొచ్చు" అన్నారు. మేమిద్దరం అప్పుడే తెలుసుకున్నాం. నేను "చిట్టికి ఫోను చేద్దామా?" అన్నాను. మావారు "ఈ వేళప్పుడు అంత దూరంలో ఒంటరిగా ఏడుస్తుంది, ఏం చెయ్యగలదు, తెల్లారనీ" అన్నారు. నేను సరే అన్నాను.

ఇది రెండో తప్పు. అక్కడ మూడు గంటల పైన సమయం ఉంది. చిట్టి రాలేకపోయేది, నిజమే. కానీ ఫోను చెవి దగ్గర పెట్టొచ్చు కదా. దాని గొంతు వినిపించొచ్చు కదా. ఏం చెయ్యగలదో తేల్చుకోవలసింది అది కదా, మేము కాదు.

ఐదుంబావుకి మావారు స్నానాల గదిలో ఉన్నారు. రాత్రంతా కూర్చున్నాం, కాసిని కాఫీ నీళ్ళు పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. డికాక్షను దిగుతుంటే గదిలోంచి చప్పుడు వినబడటం లేదనిపించింది. వచ్చి చూస్తే ఊపిరి లేదు. ఒళ్ళు వెచ్చగానే ఉంది. అదే ఇంట్లో పదడుగుల దూరంలో ఉండి, కొడుకూ కోడలూ ఇద్దరం లేము ఆ క్షణానికి. అందరికీ "మా చేతుల్లోనే పోయారు" అని చెప్పాం.

అంతా విని చిట్టి లేచి నిలబడింది. "రెండింటికి తెలుసా మీకు?" అంది. ఇంకేమీ అనకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు. ఏడింటికి వీధి గేటు చప్పుడు లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఆ మూడు రోజులూ తెలిసింది. మావారు "ఎందుకు చెప్పావు అవన్నీ" అని నా మీద కేకలేశారు. ఆయన కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

నాలుగో రోజు వచ్చింది. వస్తూనే అన్నయ్య దగ్గరకెళ్ళి నిలబడింది. "నాకు ఫోను చెయ్యాల్సింది అన్నయ్యా" అంది. ఆయన "చెయ్యాల్సిందే" అన్నారు. ఇద్దరూ ఏడ్చారు. నేను వంటింట్లోకి వచ్చేశాను. తర్వాత నా దగ్గరకొచ్చి పీట వేసుకుని కూర్చుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నిన్న రాత్రి నిద్రపట్టింది వదినా. అమ్మ పిలవలేదు కదా" అంది.

రెండు నెలలు దాన్ని కాల్చింది తను లేకపోవడం కాదు. తల్లి పిలిచిందని నేను చెప్పిన మాట. లైటు కట్టెయ్యమన్నారని చెబితే మొదటి రోజే కొంత ఊరట దొరికేదేమో. అది మామూలు రాత్రి మాట. పడుకోబోయే మనిషి అనే మాట.

ఇంకో భయం మిగిలింది దానికి. ఆ గురగుర, ఆ ఊపిరి ఆగడం. అమ్మ ఊపిరాడక గిలగిల్లాడిందా అని. ఇది నేను చెబితే నమ్మదు, నా మాటకి అప్పటికే విలువ పోయింది. అందుకని ఇద్దరం డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాం. ఆయన ఓపిగ్గా చెప్పారు. చివరి గంటల్లో మింగే శక్తి ఉండదు, ఊరిన కాస్త ఉమ్మి గొంతులోనే నిలిచి గాలికి చప్పుడవుతుందట. వినే వాళ్ళకి భయంగా ఉంటుంది కానీ అప్పటికి మనిషి మగతలో ఉంటారు, బాధపడుతున్నట్టు కాదట. బాధుంటే నుదురు ముడుచుకుంటుంది, చేతులు లాగుతారు, మూలుగుతారు. "మీ అమ్మగారి ముఖం ఎలా ఉంది?" అని నన్నడిగారు. నుదురు సాఫీగా ఉంది, చెయ్యి నేను పెట్టిన చోటే ఉంది అని చెప్పాను. కాళ్ళు చల్లబడటం, ఆకలి పోవడం, నిద్ర ఎక్కువవడం, ఇవన్నీ ఒళ్ళు సర్దుకుంటున్న గుర్తులట. "అయితే గురువారమే తెలియాలి కదండీ" అంది చిట్టి, ఇంకా వదలకుండా. ఆయన, "గుండె జబ్బు మెట్లు మెట్లుగా దిగుతుందమ్మా. దిగినప్పుడల్లా మళ్ళీ కొంచెం ఎక్కుతుంది. మీ అమ్మగారు మూడుసార్లు ఎక్కారు. నాలుగోసారి ఎక్కరని గురువారం నన్నడిగితే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి" అన్నారు. చల్లటి కాళ్ళు చూసి మాఘం చలి అనుకుని సాక్సులు వేసిన దాన్ని నేను. ఆ మాట దానికెంత అవసరమో నాకూ అంతే అవసరమైంది.

బాధ మొత్తం పోయిందని చెప్పను. సంవత్సరీకం నాడు గంగ చెంబు చూసి మళ్ళీ ఏడ్చింది. ఫోను ఇంకా దిండు కిందే ఉంటుంది. కానీ "నేనే కనక" అని మొదలుపెట్టడం మానేసింది. ఎప్పుడైనా మొదలుపెడితే నేను అలా అనుకోకు అనడం మానేసి, "బుధవారం ఇడ్లీ తిన్నారు చిట్టీ" అంటాను. చాలు, ఆగుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా దూరాన ఉన్నప్పుడు రెండింటికి ఊపిరి తీరు మారితే, దయచేసి ఫోను చెయ్యండి. ఏడుస్తారని ఆగకండి. ఎలాగూ ఏడుస్తారు. ఫోను స్పీకరు పెట్టి దిండు పక్కన ఉంచితే చాలు, ఏం మాట్లాడాలో వాళ్ళే చూసుకుంటారు.

కిందటి నెల చిట్టి బెంగుళూరు వెళ్ళింది, కొడుకు దగ్గరకి. నాలుగు రోజులే అని చెప్పి పదకొండు రోజులుంది. వచ్చిన రోజు మా ఇంట్లోనే భోజనం. పప్పుచారులో ములక్కాడలు వేశాను, మావారికి అవి లేకపోతే ముద్ద దిగదు. ములక్కాడ వెయ్యకముందే చిట్టికి విడిగా చిన్న గిన్నెలోకి తీసి పెట్టాను. అది పెద్ద గిన్నె మూత తీసి వాసన చూసి, "ఈవిడగారు వదలమనకపోతే వంకాయ వదిలేదాన్ని కదే" అని గోడ మీద ఫోటో వైపు చూసి తిట్టి, తన గిన్నె తెచ్చుకుంది.